కొత్త సెల్స్ వేసినా టీవీ రిమోట్ పలకడం లేదు. సెల్స్ తప్పా, మధ్యలో ఏదైనా అడ్డమా, పెయిరింగ్ పోయిందా?

సుధ_కావలి · సోమవారం రాత్రి 8:50

అందరికీ నమస్కారం. మాది కావలి. ఇంట్లో 43 అంగుళాల స్మార్ట్ టీవీ ఉంది, కొని రెండేళ్లు దాటింది. నిన్న సాయంత్రం నుంచి దాని రిమోట్ సరిగా పనిచేయడం లేదు.

నేను స్కూల్లో టీచర్‌ని, పొద్దున వెళ్తే సాయంత్రానికి వస్తాను. పగలంతా ఇంట్లో మా నాన్నగారు ఒక్కరే ఉంటారు. ఆయనకు డెబ్బై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు. రిమోట్ మీద మైకు బటన్ నొక్కి "ప్రవచనం పెట్టు" అని చెప్పి చూసుకోవడం అలవాటు చేశాను. ఇప్పుడు మైకు బటన్ అసలు పనిచేయడం లేదు. బాణం గుర్తులు, వాల్యూమ్ ఒక్కోసారి పనిచేస్తాయి, ఒక్కోసారి చేయవు. కుర్చీలోంచి నొక్కితే ఏమీ కాదు. టీవీ దగ్గరికి వెళ్లి నిలబడి నొక్కితే చాలాసార్లు పలుకుతుంది.

సెల్స్ అయిపోయాయేమో అని నాన్నగారే మెల్లగా వీధి చివర కొట్టుకు నడిచి వెళ్లి రెండు కొత్త సెల్స్ తెచ్చి వేశారు. ఏ తేడా లేదు. రిమోట్ కింద పడలేదు, తడవలేదు. సర్వీసు వాళ్లను పిలిచే ముందు మనమే తేల్చుకునే దారి ఉందా? పగలు ఆయన టీవీ దాకా లేచి వెళ్లి రావడం నాకు టెన్షన్‌గా ఉంది.

బుచ్చి_లక్ష్మి · సోమవారం రాత్రి 9:05

మాకూ ఇట్టాగే అయింది సుధ గారూ. ఛానల్స్ మారేవి కావు, బొమ్మ నిలిచిపోయేది. కేబుల్ అబ్బాయి వచ్చి పైన వైరు మార్చి పోయాడు, బాగైంది. ఒకసారి మీ కేబుల్ వాళ్లకు ఫోన్ చేయండి.

సుధ_కావలి · సోమవారం రాత్రి 9:12

లక్ష్మి గారూ, మాకు బొమ్మ బాగానే వస్తోందండి. సెట్ టాప్ బాక్స్‌కు వేరే రిమోట్ ఉంది, అది చక్కగా పనిచేస్తోంది. ఇబ్బంది టీవీతో వచ్చిన రిమోట్‌తోనే.

శ్రీను_కందుకూరు · సోమవారం రాత్రి 9:20

దగ్గరికి వెళ్తే పనిచేసి దూరం నుంచి పనిచేయకపోతే అది సెల్సే. వేరే ఆలోచన అక్కర్లేదు. కొట్లో కొత్తవని ఇచ్చినా ఎన్నాళ్లుగా అక్కడ పడి ఉన్నాయో మనకు తెలియదు. మల్టీమీటర్ ఉంటే చూడండి. ఒక్కో సెల్ 1.5 వోల్టులు చూపిస్తే మంచిది. సెల్స్ మంచివని తేలితే రిమోట్ పోయినట్టే, రెండు మూడు వందలకు యూనివర్సల్ రిమోట్ దొరుకుతుంది, తెచ్చుకోండి.

సుధ_కావలి · సోమవారం రాత్రి 9:48

పక్కింటి ఎలక్ట్రీషియన్ తమ్ముడిని అడిగి మీటర్ పెట్టించాను. ఒకటి 1.58, ఇంకోటి 1.57 చూపించింది. అంటే రిమోట్ పోయినట్టేనా?

పాత_మెకానిక్_ఒంగోలు · సోమవారం రాత్రి 10:15

అమ్మా సుధా, తొందరపడి రిమోట్ కొనవద్దు. నేను ఒంగోలులో ఇరవై ఎనిమిదేళ్లు టీవీలు బాగుచేశాను. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయని మానేశాను. రిమోట్ పోయిందని నా దగ్గరికి తెచ్చినవాటిలో నిజంగా పోయినవి తక్కువే.

ముందు శ్రీను చెప్పిన మీటర్ సంగతి. రిమోట్ నొక్కినప్పుడు ముందున్న చిన్న బల్బు క్షణంలో చిన్న భాగం పాటు గట్టిగా కరెంటు లాగుతుంది. ముసలి సెల్ పని లేకుండా ఊరికే ఉన్నప్పుడు మీటర్‌కు 1.4 కూడా చూపిస్తుంది, ఆ లాగుడు వచ్చేసరికి కూలబడుతుంది. అందుకే నేను సెల్ రెండు కొనలకూ 10 ఓమ్‌ల రెసిస్టర్ ఆనించి, రెండు సెకన్లు మీటర్ చూసేవాడిని. అప్పుడు కూడా 1.3 పైన నిలబడితే మంచి సెల్, 1.2 కిందికి జారితే తీసి పారేసేవాడిని. నీ సెల్స్ 1.58 చూపించాయి కాబట్టి అవి కొత్తవేనని నా నమ్మకం. అయినా ఈ రెసిస్టర్ పని నీకు అక్కర్లేదు, ఇంకో తేలిక దారి ఉంది.

సెల్ బలం తగ్గితే దూరం తగ్గుతుంది. పది అడుగుల నుంచి పనిచేసేది ఆరు అడుగులకు, తర్వాత మూడు అడుగులకు వస్తుంది. కొన్ని రోజుల్లోనో వారాల్లోనో మెల్లగా జరుగుతుంది. మధ్యలో ఏదైనా అడ్డం ఉంటే అట్టా కాదు. అప్పుడు దూరం కన్నా ఎత్తు, పక్క ముఖ్యం. అదే కుర్చీలో కూర్చుని చెయ్యి తలపైకి ఎత్తి నొక్కితే పనిచేస్తుంది, ఒడిలో పెట్టుకుని నొక్కితే పనిచేయదు. సెల్ తప్పయితే చెయ్యి ఎంత పైకెత్తినా లాభం ఉండదు.

కాబట్టి రేపు మూడు పనులు చేసి చెప్పు.

ఒకటి, నాన్నగారి కుర్చీలోనే కూర్చుని, చెయ్యి బాగా పైకెత్తి వాల్యూమ్ నొక్కు. తర్వాత ఒడి ఎత్తు నుంచి నొక్కు.

రెండు, ఫోన్ కెమెరా తెరిచి రిమోట్ ముందు కొనను కెమెరాకు చూపిస్తూ ఒక్కో బటన్ నొక్కు. మన కంటికి కనబడని వెలుగు కెమెరాలో ఊదా రంగు కలిసిన తెల్ల చుక్కలా మెరుస్తుంది. ఏ బటన్‌కు మెరుస్తోంది, ఏ బటన్‌కు మెరవడం లేదు అని విడివిడిగా రాసుకో. మైకు బటన్ మరిచిపోవద్దు.

మూడు, టీవీ ముందు ఈమధ్య కొత్తగా ఏమైనా పెట్టారా చూడు. ఫోటో ఫ్రేము, పూలకుండీ, స్పీకరు, దుమ్ము పడకుండా కప్పిన ప్లాస్టిక్ కవరు, ఏదైనా సరే.

రమణ_కొత్తపట్నం · సోమవారం రాత్రి 10:31

మెకానిక్ గారూ, ఇదే అదనుగా నాదీ చెబుతాను. మాది కొత్తపట్నం, సముద్రానికి దగ్గర ఇల్లు. మా ఏసీ రిమోట్ తెరమీద అంకెలన్నీ బాగా కనిపిస్తాయి, 24 అని చూపిస్తుంది. నొక్కితే ఏసీ మాత్రం బీప్ అనదు. తెర వెలుగుతోంది కాబట్టి సెల్స్ బాగున్నట్టే కదా? రిమోట్ నెల కింద మంచం మీద నుంచి ఒకసారి కింద పడింది.

శ్రీను_కందుకూరు · సోమవారం రాత్రి 10:40

ఇప్పుడే నా రిమోట్‌తో కెమెరా పరీక్ష చేసి చూశాను. చుక్కా లేదు, ఏమీ లేదు. కానీ నా టీవీ బాగా పనిచేస్తోంది! ఈ పరీక్షను నమ్మలేమండీ.

ఈసీఈ_తమ్ముడు · సోమవారం రాత్రి 10:52

శ్రీను అన్నా, వెనక కెమెరాతో చూసి ఉంటావు. చాలా ఫోన్లలో వెనక కెమెరాకు ఆ వెలుగును ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటుంది. సెల్ఫీ కెమెరాతో, లైటు ఆర్పి చూడు. ముందు బాగా పనిచేస్తున్న రిమోట్‌తో చూసి, మన ఫోన్‌కు ఆ వెలుగు కనిపిస్తుందని రూఢి చేసుకున్నాకే అనుమానం ఉన్న రిమోట్‌ను చూడాలి. సుధ గారు సెట్ టాప్ బాక్స్ రిమోట్‌తో ఆ పని చేయొచ్చు.

ఇంకో అనుమానం. టీవీ పడమటి కిటికీకి ఎదురుగా ఉందా? టీవీలోని రిసీవర్ సెకనుకు దాదాపు 38,000 సార్లు ఆరి వెలిగే వెలుగునే పట్టుకునేలా చేస్తారు. మామూలు వెలుతురును అది లెక్కచేయదు. కానీ సాయంత్రం ఎండ నేరుగా రిసీవర్ మీద పడితే దాని పట్టు బాగా తగ్గిపోతుంది. మీ ఇంట్లో సాయంత్రం మొదలైంది కదా, అందుకే అడుగుతున్నాను.

శ్రీను_కందుకూరు · సోమవారం రాత్రి 11:03

సెల్ఫీ కెమెరాలో కనిపించింది. నిజమే.

సుధ_కావలి · మంగళవారం సాయంత్రం 6:20

బడి నుంచి రాగానే అన్నీ చేసి చూశాను. ఎండ సంగతి కాదు తమ్ముడూ, నిన్న రాత్రి పదింటికి కూడా ఇదే పరిస్థితి.

నాన్నగారి కుర్చీ టీవీకి సుమారు తొమ్మిది అడుగుల దూరం. ఒడిలో పెట్టుకుని పది సార్లు వాల్యూమ్ నొక్కితే ఒక్కసారి కూడా పలకలేదు. అదే కుర్చీలో చెయ్యి నిలువుగా పైకెత్తి నొక్కితే పదికి పదిసార్లు పనిచేసింది! నాకు చాలా ఆశ్చర్యం వేసింది. లేచి నిలబడి నొక్కినా పనిచేసింది. అంటే మేము దగ్గరికి వెళ్లినందుకు కాదు, నిలబడినందుకు పలికిందన్నమాట.

సెల్ఫీ కెమెరాలో ముందు సెట్ టాప్ రిమోట్ చూశాను, చుక్క కనిపించింది. తర్వాత టీవీ రిమోట్. పవర్, వాల్యూమ్, బాణం గుర్తులు, మధ్యలో ఉన్న OK, అన్నిటికీ మెరిసింది. మైకు బటన్‌కు, సినిమాల యాప్‌లు తెరిచే రెండు బటన్లకు మెరవలేదు.

టీవీ ముందు సౌండ్ బార్ ఉంది. నెల కిందట కొన్నాం. కానీ నెలంతా రిమోట్ బాగానే పనిచేసింది కదా, అదెట్టా అడ్డం అవుతుంది?

మాగుంట_లేఅవుట్_నెల్లూరు · మంగళవారం సాయంత్రం 6:45

సుధ గారూ, ఇంకో సంగతి కూడా చూడండి. మా ఇంట్లో పోయిన వేసవిలో టీవీ రిమోట్, సెట్ టాప్ రిమోట్ రెండూ ఒకేసారి ఆగిపోయాయి. నాలుగు కొత్త సెల్స్ కొన్నాం, లాభం లేదు. చివరికి తేలిందేమిటంటే, ఇంకో పాత డీవీడీ రిమోట్ సోఫా దిండ్ల సందులో ఇరుక్కుని, దాని బటన్ ఒకటి నొక్కుకుపోయి ఉంది. అది ఆగకుండా వెలుగు కొడుతూనే ఉంది, దాని గోలలో మిగతా రిమోట్ల మాట టీవీకి వినపడలేదు. దాని సెల్స్ తీయగానే రెండూ బాగైపోయాయి. ఇల్లంతా ఒకసారి వెతకండి. ఏ బటనూ నొక్కకుండానే కెమెరాలో మెరుస్తున్న రిమోట్ ఉంటే దొంగ అదే.

సుధ_కావలి · మంగళవారం సాయంత్రం 7:02

వెతికానండి. మా ఇంట్లో మూడు రిమోట్లు ఉన్నాయి, సౌండ్ బార్‌ది కలిపి. ఏదీ ఊరికే మెరవడం లేదు.

పాత_మెకానిక్_ఒంగోలు · మంగళవారం రాత్రి 8:10

సుధా, నీ పరీక్ష చాలా శ్రద్ధగా చేశావు. చెయ్యి పైకెత్తితే పదికి పది, ఒడిలోంచి సున్నా. దీంతో సెల్స్ మీద అనుమానం తీరిపోయింది. నీ రిమోట్‌కు ఒకటి కాదు, రెండు ఇబ్బందులు కలిసి వచ్చాయి. అందుకే అందరికీ తికమకగా ఉంది.

ఇప్పటి స్మార్ట్ టీవీ రిమోట్లు రెండు రకాలుగా మాట్లాడతాయి. ఒకటి వెలుగు, ఇంకోటి బ్లూటూత్. వెలుగుకు ఎదురుగా దారి ఉండాలి. బ్లూటూత్‌కు అక్కర్లేదు, దుప్పటి కింద నుంచి నొక్కినా పోతుంది. మైకులో నీ మాట పోవాలంటే మామూలుగా బ్లూటూత్ ఉండాలి. బ్లూటూత్ బంధం, అదే పెయిరింగ్ అంటారు చూడు, అది ఉన్నంతకాలం నీ రిమోట్ దాదాపు అన్ని బటన్లనూ బ్లూటూత్ మీదే పంపించింది. పవర్ మాత్రం అప్పుడూ వెలుగు మీదే పోయింది. పెయిరింగ్ పోగానే వాల్యూమ్, బాణాలు లాంటి ముఖ్యమైనవాటిని కూడా వెలుగు మీదికి మార్చుకుంది. మైకుకు, యాప్ బటన్లకు వెలుగు దారి లేదు, అందుకే అవి కెమెరాలో మెరవలేదు. అన్ని కంపెనీల రిమోట్లూ ఇట్టా మారవు. కొన్నిటికి పెయిరింగ్ పోతే పవర్ ఒక్కటే మిగులుతుంది. నీది మారే రకం.

ఇక సౌండ్ బార్. టీవీలో వెలుగును పట్టుకునే చిన్న నల్ల కిటికీ ఎక్కువగా కింది అంచులో, కంపెనీ పేరు దగ్గరో కుడి మూలో ఉంటుంది. దాని ముందు సౌండ్ బార్ పెట్టావు. ఈ నెలంతా అది అడ్డంగానే ఉంది. రిమోట్ బ్లూటూత్‌తో మాట్లాడుతోంది కాబట్టి మీకు తెలియలేదు. ఆదివారం పెయిరింగ్ పోయి వెలుగు మీదికి వచ్చాక ఆ అడ్డం బయటపడింది.

రూఢి చేసుకోవాలంటే సౌండ్ బార్ ఒకసారి తీసి నేల మీద పెట్టు. ఒడిలోంచి వాల్యూమ్ నొక్కు. పనిచేస్తే నేను చెప్పింది నిజం. మైకు మాత్రం అప్పటికీ పనిచేయకూడదు. అది కూడా పనిచేస్తే నా లెక్క తప్పు.

ఒక్క మాట, పవర్‌కు సౌండ్ బార్ అడ్డం పడి ఉండాలి కదా, నెల కిందట అది పెట్టాక నాన్నగారు టీవీని దేనితో ఆన్ చేసేవారు?

సుధ_కావలి · మంగళవారం రాత్రి 8:38

తీసి నేల మీద పెట్టాను. ఒడిలోంచి వాల్యూమ్, బాణాలు అన్నీ పనిచేస్తున్నాయి. మైకు పనిచేయలేదు. మీరు చెప్పింది అక్షరాలా నిజం.

నాన్నగారు పడుకునే ముందు గోడ మీద స్విచ్ కట్టేస్తారు, పొద్దున స్విచ్ వేస్తే టీవీ దానంతట అదే వెలుగుతుంది. రిమోట్ మీద పవర్ బటన్ ఆయన ముట్టుకోరు.

శ్రీను_కందుకూరు · మంగళవారం రాత్రి 8:50

నేను సెల్స్ అని గట్టిగా అన్నాను, తప్పయింది సుధ గారూ. దగ్గరికి వెళ్తే పనిచేసింది అన్నారు కాబట్టి అట్టా అనుకున్నాను. నిలబడినందుకని తోచలేదు. యూనివర్సల్ రిమోట్ కొని ఉంటే మైకు వచ్చేదా?

పాత_మెకానిక్_ఒంగోలు · మంగళవారం రాత్రి 8:58

రాదు శ్రీనూ. ఆ రెండు మూడు వందల రిమోట్లు వెలుగుతోనే మాట్లాడతాయి. మైకు ఉండదు, సౌండ్ బార్ అడ్డం అట్టాగే ఉండేది. నాన్నగారి కష్టం ఏమీ తీరేది కాదు.

రమణా, నిన్ను మరిచిపోలేదు. ఏసీ రిమోట్ తెరకు చాలా తక్కువ కరెంటు చాలు, సెల్స్ చచ్చేదాకా అంకెలు కనిపిస్తూనే ఉంటాయి. కాబట్టి తెర చూసి సెల్స్ మంచివి అనుకోవద్దు. పైగా ఆ 24 అనేది రిమోట్ తన దగ్గర రాసుకున్న అంకె. ఏసీ దాన్ని విన్నదో లేదో రిమోట్‌కు తెలియదు. కొత్త సెల్స్ వేసి, కెమెరాలో మెరుపు చూసి చెప్పు. సెల్స్ పెట్టే చోట స్ప్రింగులకు పచ్చగానో తెల్లగానో ఏమైనా పట్టిందా కూడా చూడు. మీ ఊళ్లో ఉప్పు గాలికి అది మామూలే.

సుధ_కావలి · మంగళవారం రాత్రి 9:30

మళ్లీ పెయిరింగ్ చేయబోయాను, కుదరలేదు. టీవీలో `Settings`, తర్వాత `Remotes & Accessories`, అందులో `Add accessory` నొక్కాను. టీవీ వెతుకుతూ ఉంది. సౌండ్ బార్ పేరు, పక్కింటి వాళ్లదేమో ఇంకేదో పేరు కనిపించాయి. రిమోట్ పేరు రాలేదు. కంగారులో ఏది నొక్కుతానో అని వెనక్కి వచ్చేశాను.

ఈసీఈ_తమ్ముడు · మంగళవారం రాత్రి 9:41

వెనక్కి రావడమే మంచిదైంది. ఈ మెనూలో తిరగడానికి బాణాలు పనిచేస్తున్నాయి కాబట్టి మీకు సులువే. ఏ బటనూ పనిచేయనివాళ్లకు ఒక ఉపాయం, ఆండ్రాయిడ్ టీవీ అయితే కంప్యూటర్ మౌస్‌ను టీవీ వెనక యూఎస్‌బీ సందులో పెడితే తెరమీద బాణం వస్తుంది, దాంతో మెనూలోకి వెళ్లొచ్చు. మా హాస్టల్లో రిమోట్ పోయినప్పుడు రెండు నెలలు మౌస్‌తోనే నెట్టుకొచ్చాం.

పాత_మెకానిక్_ఒంగోలు · మంగళవారం రాత్రి 10:05

టీవీ వెతుకుతున్నా రిమోట్ పేరు కనబడలేదంటే, రిమోట్ "నేనున్నాను" అని చెప్పడం లేదని అర్థం. దాన్ని ఆ స్థితిలోకి మనం తేవాలి. దానికి రెండు బటన్లు కలిపి నొక్కి పట్టుకోవాలి. ఏ రెండు అనేది కంపెనీని బట్టి మారుతుంది. కొన్నిటికి హోమ్, వెనక్కి వెళ్లే బటన్. కొన్నిటికి హోమ్, OK. టీవీతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. వెతుకు. లేకపోతే టీవీ వెతికేటప్పుడు తెరమీదే బొమ్మ వేసి చూపిస్తుంది చాలావాటిలో.

ముందు అదే `Remotes & Accessories` లో పాత రిమోట్ పేరు ఇంకా ఉందేమో చూడు. ఉంటే దాన్ని తెరిచి `Unpair` లేదా `Forget` అని ఉన్నది నొక్కి తీసేయి. ఆ పాత ముద్ర ఉంటే కొత్త బంధానికి కొన్నిసార్లు అడ్డుపడుతుంది. సౌండ్ బార్ పేరు మీద మాత్రం చెయ్యి వేయవద్దు.

తర్వాత రిమోట్ సెల్స్ తీసి ఒక నిమిషం ఆగి మళ్లీ వేయి. టీవీకి అడుగు దూరంలో నిలబడి `Add accessory` తెరిచి, అప్పుడు రెండు బటన్లూ నొక్కి పట్టుకో. రిమోట్ మీద చిన్న లైటు వేగంగా మిణుకుమనేదాకా వదలవద్దు. చాలామంది రెండు సెకన్లకే వదిలేస్తారు, అక్కడే పోతుంది పని. పది సెకన్లు పట్టొచ్చు.

సుధ_కావలి · బుధవారం రాత్రి 7:15

అయింది! మైకు పనిచేస్తోంది!

పుస్తకం దొరికింది. మాకు హోమ్, వెనక్కి వెళ్లే బటన్. లిస్టులో పాత రిమోట్ పేరు లేనే లేదు, కాబట్టి తీసేసే పని పడలేదు. మొదటిసారి నేను కూడా త్వరగా వదిలేశాను. రెండోసారి మనసులో పది లెక్కపెట్టాను, ఏడు దగ్గర లైటు వేగంగా మిణుకుమంది. తెరమీద రిమోట్ పేరు వచ్చింది, దాని మీద OK నొక్కాను. పది సెకన్లలో కలిసిపోయింది. నాన్నగారు మొదటగా "నెల్లూరు వార్తలు" అన్నారు, వచ్చాయి.

సౌండ్ బార్‌ను కింది అరలోకి దించాను. ఇప్పుడు టీవీ కింది అంచు పూర్తిగా కనిపిస్తోంది.

కానీ ఒక భయం. సంతోషంలో మళ్లీ కెమెరాతో చూశాను. నిన్న మెరిసిన బాణాలకు, వాల్యూమ్‌కు ఇప్పుడు మెరుపు రావడం లేదు. పవర్‌కు మాత్రమే వస్తోంది. టీవీ మాత్రం అన్నిటికీ పలుకుతోంది. నేను ఏమైనా పాడుచేశానా?

పాత_మెకానిక్_ఒంగోలు · బుధవారం రాత్రి 7:40

ఏమీ పాడుకాలేదమ్మా. అవి బ్లూటూత్ మీదికి తిరిగి వెళ్లాయి, ఇక వెలుగుతో వాటికి పని లేదు. స్మార్ట్ రిమోట్ల విషయంలో కెమెరా పరీక్షను ఇట్టా చూడాలి. మెరిస్తే బల్బు, సెల్స్ పనిచేస్తున్నాయని అర్థం. మెరవకపోతే చచ్చిపోయిందనుకోకూడదు, ఆ బటన్ ఇంకో దారిలో పోతూ ఉండొచ్చు. పాత రిమోట్లకు, సెట్ టాప్, ఏసీ రిమోట్లకు ఎక్కువగా వెలుగు ఒక్కటే దారి కాబట్టి వాటికి మెరవకపోతే తప్పు రిమోట్‌లోనే.

మెరిసినా అంతా బాగున్నట్టు కాదు. వెలుగు వస్తోందని తెలుస్తుంది గానీ, అది సరైన లయలో ఆరి వెలుగుతోందో లేదో మన కంటికి తెలియదు. రిమోట్ కింద పడ్డప్పుడు లోపల ఆ లయను నిలబెట్టే చిన్న భాగం ఒక్కోసారి చిట్లుతుంది. అప్పుడు కెమెరాలో మెరిసినా టీవీ గుర్తుపట్టకపోవచ్చు. రమణ రిమోట్ కింద పడిందన్నాడు కాబట్టి చెబుతున్నాను.

బుచ్చి_లక్ష్మి · బుధవారం రాత్రి 7:52

అయితే అసలు పెయిరింగ్ ఎందుకు పోయింది? మాకూ స్మార్ట్ టీవీ ఉంది, ఇప్పుడు నాకు భయంగా ఉంది.

సుధ_కావలి · బుధవారం రాత్రి 8:05

అదే నాకూ తెలియడం లేదు లక్ష్మి గారూ. ఆదివారం మధ్యాహ్నం మా అన్నయ్య కొడుకు వచ్చి తన ఇయర్‌ఫోన్లు టీవీకి కలుపుకున్నాడు. ఆ మెనూలోనే ఏదో తీసేశాడేమో అని అడిగాను, "లేదు అత్తా, నేను కలపడమే చేశాను" అన్నాడు. అదే సాయంత్రం కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది.

ఈసీఈ_తమ్ముడు · బుధవారం రాత్రి 8:14

లిస్టులో పాత పేరు లేదన్నారు కదా. కరెంటు పోయినందుకు మామూలుగా పేరు చెరిగిపోదు. తిరుగుతూ తిరుగుతూ వాడి చెయ్యి `Unpair` మీద పడి ఉంటుందని నా అనుమానం.

పాత_మెకానిక్_ఒంగోలు · బుధవారం రాత్రి 8:30

అట్టా అని పిల్లవాడి మీద వేయలేం. టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయ్యాక రిమోట్ పెయిరింగ్ పోయిందని నా దగ్గరికి వచ్చినవాళ్లు ఉన్నారు. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోతే ఏం జరుగుతుందో ఒక్కో టీవీకి ఒక్కో తీరు. సుధా, నాన్నగారు గోడ స్విచ్ కట్టే ముందు రిమోట్‌తో టీవీ ఆపడం అలవాటు చేసుకుంటే మంచిది. పవర్ బటన్‌కు ఇప్పుడు అడ్డం కూడా లేదు.

సుధ_కావలి · బుధవారం రాత్రి 8:36

చెప్పాను మెకానిక్ గారూ. ఆ రెండు బటన్ల సంగతి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి టీవీ వెనక అంటించాను. నేను లేనప్పుడు పోయినా పక్కింటి తమ్ముడు చేసిపెడతాడు. మీకు ఎంత కృతజ్ఞతలు చెప్పినా తక్కువే.

రమణ_కొత్తపట్నం · గురువారం ఉదయం 7:10

నాది కూడా రాస్తున్నాను. స్ప్రింగులకు తెల్లగా పొడి పట్టి ఉంది. పాత సెల్ ఒకటి కారినట్టుంది. నిమ్మరసంలో ముంచిన దూదితో తుడిచి, తడిబట్టతో తుడిచి, ఆరబెట్టి కొత్త సెల్స్ వేశాను. కెమెరాలో బాగా మెరుస్తోంది. ఏసీ మాత్రం బీప్ అనలేదు.

మెకానిక్ గారు చెప్పిన లయ తప్పిందేమో అని పక్కింటి వాళ్ల రిమోట్ తెచ్చాను, వాళ్లదీ అదే కంపెనీ, అదే మోడల్. దానితో వాళ్ల ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మా ఏసీకి మంచం మీద నుంచి నొక్కితే పలకలేదు. సరిగ్గా ఏసీ కింద నిలబడి, రెండు అడుగుల దూరంలో పెట్టి నొక్కితే ఒకసారి బీప్ అంది. తర్వాత నా రిమోట్ కూడా అక్కడి నుంచే నొక్కాను, అది కూడా ఒకసారి బీప్ అంది.

పాత_మెకానిక్_ఒంగోలు · గురువారం ఉదయం 7:45

అయితే నీ రిమోట్ మంచిదే రమణా. మంచి రిమోట్ కూడా రెండు అడుగుల నుంచే పలికిందంటే ఏసీలోని రిసీవర్ వినికిడి తగ్గింది. ముందు, ఏసీ ముఖం మీద రిసీవర్ ముందున్న ప్లాస్టిక్‌ను మెత్తటి తడిబట్టతో తుడువు, మీ ఊరి గాలికి దాని మీద ఉప్పు మసకలా పేరుకుంటుంది. ఏసీ మెయిన్ స్విచ్ ఆపి తుడవాలి. గదిలో కొత్తగా ఎల్‌ఈడీ బల్బు ఏమైనా వేశారా? వేసి ఉంటే దాన్ని ఆర్పి ఒకసారి నొక్కి చూడు, కొన్ని చవక బల్బులు ఇట్టా గోల పెడతాయి. రెండూ కాకపోతే లోపల రిసీవర్ కాళ్లు తుప్పుపట్టి ఉంటాయి, దానికి ముఖం విప్పాలి, నువ్వు చేయవద్దు. అంతవరకు ముందు పలక ఎత్తితే లోపల ఒక చిన్న బటన్ ఉంటుంది, దాన్ని నొక్కితే రిమోట్ లేకుండా ఏసీ నడుస్తుంది.

రమణ_కొత్తపట్నం · గురువారం రాత్రి 9:20

తుడిచాను. ఇప్పుడు నాలుగు అడుగుల దాకా పలుకుతోంది, మంచం దాకా ఇంకా రాలేదు. లైట్లు ఆర్పినా అంతే. శనివారం మెకానిక్ వస్తానన్నాడు. ఆయన ఏం చెప్పాడో ఇక్కడే రాస్తాను.